‘ఈ సర్వేకు మీకు అర్హత లేదు’: ఆన్‌లైన్ సర్వేల డబ్బు లెక్క

ఫోన్‌లో సర్వేలు పూర్తిచేసి నాలుగు రూపాయలు సంపాదించుకుందామని మొదలుపెట్టిన వాళ్లకు మొదటి వారంలోనే ఒక వాక్యం కంఠతా వచ్చేస్తుంది. ‘పావుగంట సర్వే, 40 రూపాయలు’ అని చూసి తెరుస్తారు. వయసు, ఊరు, చదువు, ఉద్యోగం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని ప్రశ్నలు వస్తాయి. నాలుగైదు నిమిషాలు ఓపిగ్గా జవాబులు చెప్పాక, ‘క్షమించండి, ఈ సర్వేకు మీకు అర్హత లేదు’ అని వస్తుంది. ఇంకోటి తెరిస్తే మళ్లీ అదే వయసు, అదే ఊరు, మళ్లీ అదే వాక్యం. సాయంత్రానికి గంటన్నర గడుస్తుంది కానీ ఖాతాలో పడింది ఏ 50 రూపాయలో అయి ఉంటుంది.

కొందరు ఇదంతా పచ్చి మోసమని తేల్చేసి వదిలేస్తారు. ఇంకొందరు సర్వే ఏ జవాబు కోరుతోందో ఊహించి అదే చెప్పడం నేర్చుకుంటారు. రెండు దారులూ తప్పే. అసలైన సర్వే కంపెనీలు ఉన్నాయి, అవి డబ్బూ ఇస్తాయి. అయితే అవి కొనేది మన సమయాన్ని కాదు. ఒక ఉత్పత్తి వాడే ఫలానా రకం మనిషి ఇచ్చే పూర్తి జవాబును మాత్రమే అవి కొంటాయి. ఆ మనిషి మనమేనా అని తేల్చుకోవడానికి పట్టే కాలానికి ఎవరూ వెల కట్టరు. డబ్బు తక్కువ రావడానికీ, మధ్యలో బయటికి పంపడానికీ మూలం ఇదే. ఆ లెక్క తెలిస్తే ఏ సర్వే తెరవాలో, ఏది వెంటనే మూసేయాలో చాలావరకు మనకే తెలిసిపోతుంది.

డబ్బు ఏ చేతుల మీదుగా వస్తుంది

సర్వేకు డబ్బు పెట్టేది సబ్బులో, ఫోన్లో, బీమా పాలసీలో అమ్మే కంపెనీ. అది సాధారణంగా కాంటార్, ఇప్సోస్ లాంటి పరిశోధన సంస్థకు పని అప్పగిస్తుంది. ప్రశ్నలు రాయడం, వచ్చిన జవాబులను విశ్లేషించి నివేదిక ఇవ్వడం ఆ సంస్థ పని. జవాబులు చెప్పే జనం మాత్రం చాలాసార్లు కావాల్సినంతమంది దాని దగ్గర ఉండరు. వాళ్లను బయట కొనాలి.

అలా కొనడానికి ఇప్పుడు పెద్ద సంతలే ఉన్నాయి. స్వీడన్‌కు చెందిన సింట్ అలాంటిది. అమెరికాలోని లూసిడ్ అనే మరో సంతను 2021లో అదే కొనేసింది. ‘విజయవాడలో ఉండే, ఇన్నేళ్ల లోపు వయసున్న తల్లులు 75 మంది కావాలి’ అని పరిశోధన సంస్థ ఈ సంతలో పెడితే, సభ్యులున్న సర్వే సైట్లు, యాప్‌లు ఆ పనిని అందుకుంటాయి. మనం చేరేది ఈ చివరి అంచెలోని సైట్లలో. ఒకే సర్వే ఒకేసారి అయిదారు యాప్‌లలో, ఒక్కోదాంట్లో ఒక్కో రేటుతో కనిపించడానికి కారణం ఇదే.

ఈ సంతలో ధర కట్టేది పూర్తయిన ఒక్కో సర్వేకు. ముఖ్యంగా మూడు విషయాలు చూసి ధర నిర్ణయిస్తారు. సర్వే ఎన్ని నిమిషాలు పడుతుంది, అడిగినవాళ్లలో నూటికి ఎంతమంది అర్హులుగా తేలతారు, ఏ దేశం. గుండె శస్త్రచికిత్స చేసే డాక్టర్లు కావాలంటే దొరకడం కష్టం కాబట్టి రేటు ఎక్కువ. టీ తాగేవాళ్లు కావాలంటే అడుగడుక్కీ దొరుకుతారు కాబట్టి తక్కువ. మన దేశంలో సభ్యులుగా చేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అందుకే అవే పదిహేను నిమిషాలకు అమెరికాలో ఇచ్చే రేటు ఇక్కడ ఇవ్వరు.

ఒక ఊహా లెక్క చూద్దాం. పూర్తయిన ఒక్కో సర్వేకు పరిశోధన సంస్థ 150 రూపాయలు చెల్లిస్తుందనుకుందాం. అందులో సంత తన వాటా తీసుకుంటుంది. మిగిలింది సర్వే సైటుకు వెళ్తుంది. ఆ సైటు ప్రకటనలిచ్చి కొత్త సభ్యులను చేర్చుకోవాలి. చేరి మళ్లీ కనిపించని వాళ్ల ఖర్చూ, దొంగ ఖాతాలను ఏరివేసే ఖర్చూ, గిఫ్ట్ కార్డుల ఖర్చూ అదే భరించాలి. ఇవన్నీ పోగా సభ్యుడి చేతికి 40 రూపాయలు వస్తే అందులో వింతేమీ లేదు.

దీనికి తోడు పరిశోధకులలో పాత ఆలోచన ఒకటుంది. సర్వేకు ఇచ్చేది జీతం కాదు, సమయం ఇచ్చినందుకు చిన్న కానుక అని. డబ్బు మరీ ఎక్కువ ఇస్తే డబ్బు కోసమే వచ్చి ఏదో ఒకటి టిక్కు పెట్టే వాళ్లు పెరుగుతారని వాళ్ల భయం. అందులో నిజం లేకపోలేదు. కానీ కానుక అన్న మాట వల్ల ఆ సమయం ఏ వేతన చట్టం లెక్కలోకీ రాకుండా పోయిందన్నది కూడా అంతే నిజం.

వడపోత లోపల ఏం జరుగుతుంది

వడపోత ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పిల్లల డైపర్లు తయారుచేసే కంపెనీ ఒకటి మన రెండు రాష్ట్రాల్లో 300 మంది తల్లుల అభిప్రాయం కోరింది. హైదరాబాద్‌లో 150 మంది, విజయవాడలో 75, విశాఖపట్నంలో 75. తల్లి వయసు 21 నుంచి 35 లోపు ఉండాలి. బిడ్డకు ఏడాదిన్నర దాటకూడదు. గత నెలలో డైపర్లు కొని ఉండాలి. సగం మంది ఆ కంపెనీ బ్రాండు వాడేవాళ్లు, సగం మంది వేరే బ్రాండ్లు వాడేవాళ్లు కావాలి.

విజయవాడలో ఒక గృహిణి మధ్యాహ్నం తీరిక దొరికి ఈ సర్వే తెరిచిందనుకుందాం. మొదట వయసు, ఆడా మగా, పిన్‌కోడ్ అడుగుతారు. ఇవి ఆమె యాప్‌లో చేరినప్పుడే చెప్పిన సంగతులు. అయినా మళ్లీ అడుగుతారు. సర్వే నడిపే సంస్థ వేరు, యాప్ వేరు కాబట్టి పాత సమాచారాన్ని వాళ్లు పూర్తిగా నమ్మరు. పాత జవాబుకూ కొత్త జవాబుకూ పొంతన ఉందో లేదో కూడా ఇక్కడే చూస్తారు. గుంటూరు పిన్‌కోడ్ కొట్టిన తల్లికి మిగతా అన్నీ సరిపోయినా ఈ సర్వే ఇక్కడితో అయిపోతుంది.

తర్వాతి ప్రశ్న: ‘మీరు గానీ, మీ ఇంట్లో వాళ్లు గానీ ఈ కింది రంగాల్లో ఎక్కడైనా పనిచేస్తున్నారా?’ బ్యాంకులు, రవాణా, వ్యవసాయం అని ఒక జాబితా ఉంటుంది. వాటి మధ్యలో ప్రకటనల సంస్థలు, మార్కెట్ పరిశోధన, పత్రికలు టీవీలు, పిల్లల వస్తువుల తయారీ కూడా ఉంటాయి. అసలు చూసేది ఈ నాలుగే, మిగతావి అవి కొట్టొచ్చినట్టు కనబడకుండా ఉండటానికి చేర్చినవి. పోటీ కంపెనీ మనుషులకు ప్రశ్నలు తెలియకూడదు, వృత్తి రీత్యా ప్రకటనల గురించి ఆలోచించే వాళ్ల అభిప్రాయం మామూలు కొనుగోలుదారుడి అభిప్రాయంలా ఉండదు. ఆ వెంటనే, ‘గత మూడు నెలల్లో ఇలాంటి వస్తువుల మీద సర్వేలో పాల్గొన్నారా?’ అని వస్తుంది. అవునంటే చాలా సర్వేలు అక్కడే ఆగిపోతాయి.

ఆ తర్వాత చాలామందిని తికమకపెట్టే పట్టిక వస్తుంది. కరెంటు, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, టూవీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, వ్యవసాయ భూమి. వీటిలో మీ ఇంట్లో ఏమేం ఉన్నాయని అడుగుతారు. ఇంటి ఖర్చులకు అందరికంటే ఎక్కువ డబ్బిచ్చే మనిషి ఎంతవరకు చదువుకున్నారని కూడా అడుగుతారు. డైపర్ల సర్వేకు పొలంతో ఏం పని అనిపిస్తుంది. ఆ 11 వస్తువుల సంఖ్యా, ఆ చదువూ కలిపి కుటుంబాన్ని ఏ1 నుంచి ఈ3 వరకు ఉన్న 12 తరగతుల్లో ఒకదాంట్లో పెడతారు. 2011లో మన దేశ పరిశోధన రంగం తెచ్చుకున్న వర్గీకరణ ఇది. జీతం ఎంతని సూటిగా అడిగితే జనం సరిగా చెప్పరు కాబట్టి, ఇంట్లో ఉన్న వస్తువులనుబట్టి కొనే శక్తిని అంచనా కడతారు. మన డైపర్ల కంపెనీ ఏ, బీ తరగతులే కావాలంటే, సీ తరగతిలో పడిన తల్లి ఇక్కడ ఆగిపోతుంది. ఎందుకు ఆపారో ఆమెకు చెప్పరు.

చివరికి అసలు విషయం వస్తుంది. కానీ ‘మీరు డైపర్లు కొంటారా?’ అని నేరుగా అడగరు. ‘గత నెల రోజుల్లో మీ ఇంటికి వీటిలో ఏవేవి కొన్నారు?’ అని షాంపూ, బిస్కెట్లు, దోమల మందు, డైపర్లు, కాఫీ పొడి, కుక్కల ఆహారం అన్నీ ఒకే వరసలో పెడతారు. ఏ జవాబు చెబితే లోపలికి రానిస్తారో ఊహించే వీలు లేకుండా చేయడమే దీని ఉద్దేశం. అన్నీ టిక్కు పెట్టిన వాళ్లను అనుమానిస్తారు. బ్రాండ్ల జాబితాలో అసలు లేని పేరొకటి కలిపి, దాన్ని వాడుతున్నామన్న వాళ్లను తీసేయడం కూడా మామూలే.

ఊహకే ఒక వందమంది ఈ సర్వే తెరిచారని లెక్క వేద్దాం. ఆ వయసు ఆడవాళ్లు అందులో 40 మంది ఉండొచ్చు. ఏడాదిన్నర లోపు బిడ్డ ఉన్నవాళ్లు ఆరుగురు. గత నెలలో డైపర్లు కొన్నవాళ్లు నలుగురు, కోరిన తరగతిలో ఉన్నవాళ్లు ముగ్గురు. అంటే 97 మంది తమ సమయం ఇచ్చి ఉత్తి చేతులతో వెళ్లారు. కంపెనీ డబ్బు చెల్లించింది ముగ్గురికే. సరిపోయే మనిషిని వెతికే ఖర్చు అంతా ఆ 97 మంది నెత్తిన పడింది.

అందుకే సైట్లు సభ్యుల వివరాలు ముందే సేకరించి పెట్టుకుంటాయి. ‘చిన్న బిడ్డ ఉంది’ అని వివరాల్లో రాసుకున్న వాళ్లకే సర్వే పంపితే వందలో ముగ్గురి బదులు సగం మంది అర్హులయ్యే అవకాశం ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కు. బిడ్డకు ఏడాది ఉన్నప్పుడు వివరాలు నింపిన తల్లి వాటిని మళ్లీ ముట్టుకోదు. బిడ్డకు మూడేళ్లు వచ్చి బడికి వెళ్తున్నా, ఆమెకు డైపర్ల సర్వేలే వస్తుంటాయి, ప్రతిదాంట్లో నాలుగో నిమిషంలో బయటికి పంపుతుంటారు. తనకే ఎందుకిలా జరుగుతోందో ఆమెకు అర్థం కాదు. కారు అమ్మేసినవాళ్లూ, ఉద్యోగం మారినవాళ్లూ, ఊరు మారినవాళ్లూ ఇదే ఇబ్బంది పడతారు.

అన్నీ సరిపోయినా చివర్లో ఎందుకు పంపేస్తారు

నాలుగో నిమిషంలో బయటికి పంపితే సరిపెట్టుకోవచ్చు. పన్నెండో నిమిషంలో పంపితే కడుపు మండుతుంది. దీనికి సాధారణంగా మూడు కారణాలు.

మొదటిది కోటా. విజయవాడకు 75 మంది చాలు. మన గృహిణి మొదలుపెట్టినప్పుడు 74 మంది పూర్తయ్యారు. అదే సమయంలో ఇంకో పదిమంది ఆ సర్వేలోనే ఉన్నారు. ఎవరు ముందు ముగిస్తే వాళ్లదే చివరి స్థానం, మిగతావాళ్లకు ‘కోటా నిండింది’. బ్రాండు ప్రకారం మరో కోటా ఉంటే ఆ ప్రశ్న వచ్చేదాకా ఆమె ఏ గుంపులో పడుతుందో సర్వేకు కూడా తెలియదు. కొన్ని సర్వేల్లో బయటికి వచ్చే క్షణంలో పైనున్న చిరునామాలో `term`, `quota`, `complete` లాంటి మాటలు కనిపిస్తాయి. మనం అర్హులం కాలేదా, చోటు నిండిందా అన్నది వాటిని చూస్తే తెలుస్తుంది.

రెండోది నాణ్యత పరీక్ష. ‘ఈ వరసలో దయచేసి మూడోది ఎంచుకోండి’ అని మధ్యలో ఒక వాక్యం దాచి ఉంచుతారు. చదవకుండా నొక్కుతూ పోయేవాళ్లు అక్కడ దొరికిపోతారు. పట్టికలో అన్ని వరసలకూ ఒకే నిలువు గడిలో టిక్కులు పెట్టినా, అందరికీ సగటున పట్టే సమయంలో మూడో వంతు కూడా పట్టకుండా ముగించినా అనుమానం వస్తుంది. సొంత మాటల్లో రాయమన్న చోట ‘గుడ్’, ‘నైస్’ అని వదిలేసినా అంతే. కారణం చెబితే తప్పించుకోవడం నేర్చుకుంటారని, వీళ్లకు కూడా ‘అర్హత లేదు’ అన్న మామూలు వాక్యమే చూపిస్తారు. ఒకే వైఫైలో భార్యాభర్తలిద్దరూ ఒకే సర్వే చేసినా రెండోవాళ్లను నకిలీగా లెక్కించే అవకాశం ఉంది.

మూడో కారణం సర్వే సరిగా తయారు చేయకపోవడం. మొదటి నిమిషంలోనే అడగాల్సిన ప్రశ్నను పదో నిమిషంలో పెట్టడం, అప్పటిదాకా చెప్పిన జవాబులు తమ దగ్గర ఉంచుకుని డబ్బు మాత్రం ఇవ్వకపోవడం. దీన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం. ఇలా చేసే సైటుకు మళ్లీ వెళ్లకపోవడమే మన చేతిలో ఉన్నది.

సర్వే పూర్తయి పాయింట్లు పడ్డాక వెనక్కి తీసుకోవడం కూడా జరుగుతుంది. ప్రాజెక్టు ముగిశాక పరిశోధన సంస్థ జవాబులన్నీ మళ్లీ చూసి, అనుమానం వచ్చిన వాటికి డబ్బు ఇవ్వనంటుంది. సైటు ఆ నష్టాన్ని సభ్యుడి ఖాతాలో సరిచేసుకుంటుంది. పాయింట్లు ‘పెండింగ్’ అని చాలా రోజులు ఉండటానికి కారణం ఇదే.

గంటకు నిజంగా ఎంత పడుతోంది

ఇక డబ్బు లెక్క. ‘15 నిమిషాలు, 40 రూపాయలు’ అని చూసి గంటకు 160 రూపాయలు వస్తాయనుకుంటాం. ఒక సర్వే పూర్తి కావడానికి సగటున అయిదు తెరవాల్సి వస్తుందని, పూర్తి కాని నాలుగింటిలో ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పోతాయని పెట్టుకుందాం. అవి 16 నిమిషాలు. 15 నిమిషాలన్న సర్వే, పేజీలు నెమ్మదిగా తెరుచుకోవడం వల్లా ఇంగ్లీషు ప్రశ్నలు రెండుసార్లు చదవాల్సి రావడం వల్లా 20 నిమిషాలు పట్టింది. మొత్తం 36 నిమిషాలకు 40 రూపాయలు. అంటే గంటకు 67 రూపాయలు. పదింటిలో ఒకటి తర్వాత వెనక్కి పోతే ఇంచుమించు 60. అందులో డేటా ఖర్చు ఇంకా తీయలేదు. డబ్బు తీసుకోవడానికి కనీసం ఇంత పోగవ్వాలన్న నియమం ఉండి, అది చేరేలోపు విసిగి మానేస్తే చేతికి వచ్చేది సున్నా.

ఈ అంకెలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. అందుకే ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి. ఒక పాత నోట్‌బుక్కులో నాలుగు గడులు గీసుకుంటే చాలు: సైటు పేరు, మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం, నిజంగా ఖాతాలో పడిన డబ్బు. మధ్యలో బయటికి పంపినవి కూడా రాయాలి, ఎందుకంటే డబ్బు కారిపోయేది అక్కడే. రెండు వారాలు రాస్తే ఏ సైటు మన సమయాన్ని గౌరవిస్తోందో, ఏది తినేస్తోందో దాపరికం లేకుండా బయటపడుతుంది.

అర్హత కోసం అబద్ధం చెబితే

‘కారు ఉందన్నాను, సర్వే వచ్చింది’ అని చెప్పేవాళ్లు ఉంటారు. ఒకటి రెండుసార్లు వస్తుంది కూడా. తర్వాత ఆ కారు ఏ సంవత్సరానిది, ఎక్కడ సర్వీసు చేయించారు, బీమా ఎవరిది అని లోతుగా అడుగుతారు. ఈరోజు చెప్పిన జవాబు వచ్చే నెల ఇంకో సర్వేలో చెప్పేదానితో కలవదు. అలాంటివి పోగవుతూ పోగవుతూ ఒకరోజు ఖాతా మూసేస్తారు, సాధారణంగా డబ్బు తీసుకోబోయే రోజునే. ఆ రోజే ఖాతాను నిశితంగా చూస్తారు మరి.

ఇందులో నష్టం ఒక్కరితో ఆగదు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో సర్వే రంగానికి చెందిన ఎనిమిది మందిపై అభియోగాలు మోపారు. డబ్బిచ్చి మనుషులను పెట్టి, వాళ్ల చేత ఎవరెవరి పేర్లతోనో సర్వేలు చేయించి, అవి అసలైన జవాబులని కంపెనీలకు అమ్మారని, మొత్తం సుమారు కోటి డాలర్ల వ్యవహారమని ప్రభుత్వ న్యాయవాదులు చెప్పారు. ఏ జవాబులు చెబితే లోపలికి రానిస్తారో ఆ మనుషులకు ముందే నేర్పారన్నది కూడా అభియోగాల్లో ఉంది. ఇలాంటివి బయటపడిన ప్రతిసారీ కంపెనీలు ఇంకో నాలుగు పరీక్ష ప్రశ్నలు చేరుస్తాయి, వెనక్కి తీసుకునే పాయింట్లు పెరుగుతాయి. నిజాయితీగా జవాబు చెప్పే మనిషికి గంటకు వచ్చేది ఇంకాస్త తగ్గుతుంది.

అందరినీ రానిచ్చే సర్వే

వడపోత చికాకు పెడుతుంది కానీ ఒక మేలు చేస్తుంది: సర్వే వెనక నిజంగా జవాబు కావాల్సిన మనిషి ఉన్నాడని చెబుతుంది. వడపోతే లేని సర్వేలు ఎక్కడికి దారితీస్తాయో మన దేశం ఒకసారి చూసింది. 2010, 2011లలో స్పీక్ ఏషియా అనే సంస్థ 11,000 రూపాయలు కట్టి చేరమంది. వారానికి రెండు సర్వేలు, ఒక్కోదానికి 500 రూపాయలు ఇస్తామంది. ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ అంది. దేశవ్యాప్తంగా లక్షలాది మంది చేరారు. 2011 మధ్యలో చెల్లింపులు ఆగిపోయాయి, తర్వాత కేసులు, అరెస్టులు.

పైన చెప్పిన లెక్క తెలిసినవాళ్లకు ఆ పథకం మొదటి రోజే తేడాగా కనిపించేది. ఏ వయసైనా, ఏ ఊరైనా, చేరిన అందరికీ వారం వారం ఒకే రకం సర్వే, ఒకే మొత్తం ఇస్తామంటే, ఆ జవాబులు కొనుక్కునే కంపెనీ ఎవరు? అందరి అభిప్రాయమూ ప్రతివారమూ 500 పెట్టి కొనాల్సిన అవసరం ఏ సబ్బుల కంపెనీకీ ఉండదు. కొనేవాడు లేనప్పుడు పాతవాళ్లకు ఇచ్చే డబ్బు కొత్తగా చేరినవాళ్లు కట్టిందే అయి ఉంటుంది.

పేరూ, రూపమూ మార్చుకుని అదే పథకం ఇప్పుడు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తోంది. వీడియోకు లైక్ కొట్టమంటారు, హోటల్‌కు రేటింగ్ ఇవ్వమంటారు, చిన్న సర్వే పూర్తిచేయమంటారు. మొదటి రోజు 150, 200 నిజంగానే పంపుతారు. తర్వాత పెద్ద పని కావాలంటే ముందు డబ్బు కట్టాలంటారు. అసలైన సర్వే కంపెనీ చేరడానికి ఒక్క రూపాయి కూడా అడగదు. ఆధార్ నంబరుతో, కార్డు నంబరుతో వడపోత ప్రశ్నలకు పని లేదు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. ఇలాంటి చోట డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

సమయం వృథా కాకుండా

వడపోత పనితీరు తెలిశాక జాగ్రత్తలు వాటంతట అవే తోస్తాయి. మొదటిది, వివరాలు నిజంగా, పూర్తిగా నింపి ఆరు నెలలకోసారి సరిచూసుకోవాలి. పిల్లల వయసు, ఉద్యోగం, ఊరు, బండి, ఫోన్ మోడల్, ఎక్కువగా మారేవి ఇవే. వివరాల పేజీకి డబ్బు రాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ నాలుగో నిమిషం తిరస్కారాలను తగ్గించేది అదే.

రెండోది, వచ్చిన వెంటనే తెరవాలి. కోటాలు మొదటి గంటల్లోనే వేగంగా నిండుతాయి. నిన్న రాత్రి వచ్చిన సర్వేను ఇవాళ సాయంత్రం తెరిస్తే అందులో మిగిలి ఉండేవి దొరకని రకం మనుషుల స్థానాలే.

మూడోది, ముందే ఒక గీత గీసుకోవాలి. వడపోత అయిదు నిమిషాలు దాటినా, నిమిషానికి రెండు రూపాయలు కూడా పడని సర్వే అయినా మూసేయాలి. ‘ఇంత చెప్పాక ఎలా వదిలేస్తాం’ అన్న ఆలోచనే మనచేత ఇంకో పది నిమిషాలు పెట్టిస్తుంది. ఒక సర్వే నుంచి బయటికి పంపిన వెంటనే ‘మీకోసం ఇంకోటి’ అని తనంతట తాను తెరుచుకునే పేజీలతో మరీ జాగ్రత్త. వాటిలో చాలావరకు ఎవరికీ సరిపోక మిగిలిపోయినవే తిరుగుతుంటాయి. వరసగా రెండింట్లో బయటికి పంపితే ఆరోజుకు ఆపడం మంచిది.

నాలుగోది, పోగైన డబ్బును కూడబెట్టకూడదు. కనీస మొత్తం చేరగానే తీసేసుకోవాలి. పాయింట్లకు గడువు ఉంటుంది, సైట్లు మూతపడతాయి, నియమాలు మారతాయి. పెద్ద సర్వే పూర్తయినప్పుడు చివరి పేజీకి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే, పాయింట్లు పడకపోతే అడగడానికి ఆధారం ఉంటుంది.

అసలు ఎక్కువ డబ్బు ఉన్నది ఈ క్లిక్కు సర్వేల్లో కాదు. పరిశోధన సంస్థలు పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించే బృంద చర్చలు, ఇంటికి వస్తువు పంపి వారం వాడాక అభిప్రాయం అడిగే పరీక్షలు హైదరాబాద్ లాంటి ఊళ్లలో జరుగుతుంటాయి. వాటికి ముందే ఫోన్‌లో వడపోస్తారు, ఎంపికైతే ఇచ్చేది వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. అవి అరుదు, అడిగితే వచ్చేవి కావు. అయితే వివరాలు సరిగ్గా ఉన్నవాళ్లకే ఆ పిలుపు వచ్చే అవకాశం.

తూకం వేస్తే

ఇలా కాకుండా మరోలా నడపడం సాధ్యం కాదా? సాధ్యమే. 2014లో బ్రిటన్‌లో మొదలైన ప్రొలిఫిక్ అనే వేదిక ఎక్కువగా విశ్వవిద్యాలయ పరిశోధకుల కోసం పనిచేస్తుంది. గంటకు కనీసం ఇంత ఇవ్వాలని పరిశోధకులకు షరతు పెడుతుంది. సభ్యుల వివరాలను ముందే వడపోసి, సరిపోయేవాళ్లకే అధ్యయనం చూపిస్తుంది. బ్రిటన్, అమెరికాలలో ఉండే తెలుగువాళ్లలో దాన్ని వాడేవాళ్లు ఉన్నారు. అక్కడ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఈ రాబడి వీసా నియమాలకు లోబడి ఉందో లేదో తమ విశ్వవిద్యాలయ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. అక్కడ కూడా ఇది జీవనాధారం కాదు. కానీ సరిపోయే మనిషిని వెతికే ఖర్చును ఆ మనిషి నెత్తినే వేయాల్సిన అవసరం లేదని ఆ పద్ధతి రుజువు చేసింది.

మన దగ్గర ఉన్న మామూలు సర్వే సైట్ల విషయంలో నా నిర్ణయం ఇది. నెలకు కొన్ని వందల రూపాయలు, అదీ వేరే పనికి పనికిరాని సమయంలో, లెక్క రాసుకుంటూ సంపాదించుకోవాలనుకుంటే చేయొచ్చు. ఇంటి అద్దె కోసమో, చదువు మానేసో దీని మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడగలిగేంత డబ్బు ఈ వ్యాపారంలో సభ్యుడి దాకా రాదు. పరిశోధన సంస్థలను అడగాల్సింది కూడా ఒకటుంది. రెండు నిమిషాలు దాటిన వడపోతకు ఎంతో కొంత చెల్లించాలి. ఆ ఖర్చు తమ మీద పడితే, అవసరమైన ప్రశ్నను పదో నిమిషంలో కాక మొదటి నిమిషంలో అడగడం వాళ్లే నేర్చుకుంటారు. అందాకా మన సమయానికి కాపలా మనమే, మన నోట్‌బుక్కులోని నాలుగు గడులే.